“సేమ్ కరెంట్ వస్తుంది”: ఒక వాక్యం, మూడు పేపర్లు

ఈ ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళినప్పుడు, మూడో రోజు మధ్యాహ్నం ఒక పేపరు దగ్గర దాదాపు పది నిమిషాలు ఆగిపోయాను. మా టేబుల్ మీద ఒక్కొక్కరికి పొద్దున 20, మధ్యాహ్నం 20, మొత్తం రోజుకు 40 పేపర్లు. ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న దగ్గర పది నిమిషాలంటే ఆ లెక్కలో చాలా ఎక్కువ. పక్క కుర్చీలో సార్ అప్పటికే రెండు పేపర్లు ముందుకెళ్ళిపోయారు.

నన్ను ఆపిన వాక్యం ఇది: “ప్యారలల్‌లో అన్నింటికి సేమ్ కరెంట్ వస్తుంది.” ప్యారలల్, సేమ్, కరెంట్ అనే మూడు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, మిగతావి తెలుగులో. నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. 19 ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. సమాంతర సంధానంలో సమానంగా ఉండేది వోల్టేజి. కరెంటు ఒక్కో పరికరానికి దాని నిరోధాన్ని బట్టి మారుతుంది. కాబట్టి చూడగానే కొట్టేయాల్సిన వాక్యం. పెన్ను పెట్టాను కూడా. కానీ కింద లెక్క మీద కన్ను పడి చెయ్యి ఆగింది.

గోప్యత కోసం ప్రశ్నను, అంకెలను మార్చి రాస్తున్నాను. విషయం మాత్రం జరిగినదే.

ప్రశ్న ఇలాంటిది: ఇళ్ళలో విద్యుత్ పరికరాలను సమాంతరంగా ఎందుకు కలుపుతారు? 220 V సరఫరాకు 110 Ω, 220 Ω నిరోధాలున్న రెండు పరికరాలను సమాంతరంగా కలిపితే ప్రతిదాని గుండా ఎంత కరెంటు వెళ్తుంది, మొత్తం ఎంత? వాల్యుయేషన్ సూత్రాల ప్రకారం మార్కులు నాలుగు ముక్కలు. ప్రతి పరికరానికీ ఒకే వోల్టేజి అందుతుందని చెప్తే ఒకటి, ఒకటి ఆపినా మిగతావి పనిచేస్తాయని చెప్తే ఒకటి, విడివిడి కరెంట్లకు ఒకటి, మొత్తానికి ఒకటి.

ఆ పిల్లో పిల్లవాడో రాసినది మొత్తం ఇంతే:

“ప్యారలల్‌లో అన్నింటికి సేమ్ కరెంట్ వస్తుంది. సిరీస్‌లో అయితే కరెంట్ పంచుకుంటాయి అందుకే బల్బ్ డల్‌గా వెలుగుతుంది. ప్యారలల్‌లో ఒకటి ఆఫ్ చేస్తే మిగతావి ఆగవు.”

దాని కింద లెక్క:

```
I1 = V/R1 = 220/110 = 2 A
I2 = V/R2 = 220/220 = 1 A
I  = I1 + I2 = 3 A
```

పక్కన చిన్న బొమ్మ. రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మ పక్కన 220 V అని రాసి ఉంది.

లెక్కలో రెండు పరికరాలకూ వేర్వేరు కరెంట్లు వేసిన మనిషి, పైన “సేమ్ కరెంట్” అని ఎలా రాస్తారు? విషయం తెలియక రాస్తే లెక్క ఇలా రాదు. విషయం తెలిస్తే వాక్యం అలా రాకూడదు. కాసేపటికి గానీ నాకు తట్టలేదు. ఆ వాక్యంలోని “కరెంట్” పాఠ్యపుస్తకంలోని కరెంటు కాదు. మా ఊళ్ళో, మీ ఊళ్ళో, అందరి ఇళ్ళలో ఉండే కరెంటు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేది.

కరెంటు ఏ భాష మాట?

ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది కాబట్టి అది ఇంగ్లీషు మాట అనుకుంటాం. కానీ తెలుగు ఇంట్లో “కరెంటు” అంటే ఆంపియర్లలో కొలిచే విద్యుత్ ప్రవాహం కాదు. సరఫరా మొత్తానికి అదే పేరు. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు బిల్లు, కరెంటు స్తంభం. కరెంటు బిల్లులో లెక్కగట్టేది నిజానికి శక్తి. కరెంటు వచ్చిందంటే ప్లగ్గులో మళ్ళీ వోల్టేజి ఉందని. ఫిజిక్సులో విడివిడిగా ఉన్న మూడు నాలుగు భావాలకు ఇంట్లో ఒకే మాట సరిపోతోంది, సరిపోయింది కూడా.

ఇప్పుడు ఆ పేపరులో వాక్యాలను ఇంటి అర్థంతో చదవండి. ప్యారలల్‌లో అన్నింటికీ ఒకే సరఫరా అందుతుంది. సిరీస్‌లో దాన్నే పంచుకుంటాయి. కరెంట్ అన్న చోటల్లా వోల్టేజి అని పెడితే రెండూ సరైన వాక్యాలే. పాఠ్యపుస్తకం అర్థంతో చదివితే రెండూ తలకిందులు. తప్పైతే రెండూ కలిసి తప్పు, ఒప్పైతే రెండూ కలిసి ఒప్పు. అయోమయంలో ఉన్న పిల్లల రాతలో ఇంత నిలకడ కనిపించదు. వాళ్ళు ఒక వాక్యంలో ఒకటి, తర్వాతి దాంట్లో దానికి వ్యతిరేకం రాస్తారు.

క్రితం ఏడాది మా బడిలో జరిగినది ఒకటి గుర్తొచ్చింది. యూనిట్ టెస్టులో ఒక అబ్బాయి ఇదే వాక్యం రాశాడు. బడి పరీక్ష కాబట్టి పిలిచి అడిగే వీలుంది. “కరెంట్ అంటే ఏమిట్రా?” అన్నాను. “ప్లగ్గులో వచ్చేది మేడం. ఫ్యానుకీ లైటుకీ ఒకటే కదా వచ్చేది.” “మరి ఆంపియర్లలో లెక్క చేశావు, అదేంటి?” “అది వేరే మేడం. ఏది ఎంత లాగితే అంత.”

“లాగడం” అన్న ఆ మాట విని నేను కొంచెంసేపు ఏమీ అనలేకపోయాను. మోటారు ఎక్కువ లాగుతోంది, ఏసీ బాగా లాగుతుంది అని ఎలక్ట్రీషియన్లు అనే మాట అది. పరికరం తన నిరోధాన్ని బట్టి తీసుకునే ప్రవాహానికి అంతకంటే చక్కటి తెలుగు మాట నా దగ్గర లేదు. వాడికి రెండు భావాలూ విడివిడిగా తెలుసు. వాడి భాషలో వాటిని విడదీసేది నామవాచకం కాదు, క్రియ. కరెంటు “వస్తుంది, పోతుంది” అంటే సరఫరా. “లాగుతుంది, ప్రవహిస్తుంది, వెళ్తుంది” అంటే ప్రవాహం.

స్పాట్‌లో మాత్రం పిలిచి అడగలేం. అక్కడ పిల్ల ఎవరో తెలియదు, తెలియకూడదు. కాగితం మీద ఉన్నదే సాక్ష్యం.

మన కళ్ళు ఎటు పోతాయి

మిశ్రమంగా రాసిన జవాబులో పని ఎలా పంచబడుతుందో ఒకసారి గమనించండి. నామవాచకాలు ఇంగ్లీషులో ఉంటాయి. రెసిస్టెన్స్, వోల్టేజ్, సిరీస్, లెన్స్, ఫోకస్. క్రియలు, విభక్తులు, కలిపే మాటలు తెలుగులో ఉంటాయి. పెరుగుతుంది, తగ్గితే, కాబట్టి, ఉన్నా సరే, తో, ని, కి. మనం పాఠం చెప్పేది కూడా అచ్చం ఇలాగే. “రెసిస్టెన్స్ పెరిగితే కరెంట్ తగ్గుతుంది, రాసుకోండి” అంటాను నేనే రోజూ. పుస్తకం ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఆ రెండు పేజీల మధ్య కూర్చున్న పిల్లలు ఇలా రాయడంలో వింత ఏమీ లేదు.

వాల్యుయేషన్‌లో మనం వేగం కోసం చేసేది ముఖ్యమైన మాటలను వెతకడం. కన్ను మొదట ఇంగ్లీషు అక్షరాల మీదికి పోతుంది, ఎందుకంటే తెలుగు వరుసల మధ్య అవే విడిగా కనబడతాయి. అంటే జవాబులో నామవాచకాలను చదివి, తర్కం ఉన్న భాగాన్ని దాటేస్తున్నాం. కారణం ఏది, ఫలితం ఏది, షరతు ఏది అన్నవన్నీ తెలుగు ముక్కల్లోనే ఉంటాయి.

ఓమ్ నియమం సంగతి చూడండి. ఒక పేపరులో ఇలా ఉంది: “టెంపరేచర్ మారకపోతే V అనేది I కి ప్రొపోర్షనల్.” పక్కన నేను కాకుండా మరొకరు దిద్దిన పేపరు అది. స్థిర ఉష్ణోగ్రత అన్న షరతు లేదని మార్కు తగ్గింది. స్థిర అనే మాట లేదు, దానికి సరిపోయే ఇంగ్లీషు మాటా లేదు, నిజమే. కానీ “మారకపోతే” ఉంది. షరతు మొత్తం ఆ ఒక్క క్రియలో ఉంది. ఆ సార్‌కి చూపించగానే దిద్దేశారు. ఆయన చదవక కాదు, అలవాటుగా వెతికే మాట అక్కడ దొరకలేదు.

విభక్తులు ఇంకా చిన్నవి, ఇంకా సులభంగా జారిపోతాయి. “వోల్టేజ్ కరెంట్‌ని పెంచుతుంది” అన్నదానికీ “వోల్టేజ్‌ని కరెంట్ పెంచుతుంది” అన్నదానికీ ఇంగ్లీషు మాటలు అవే, వరుస కూడా అదే. “ని” ఎవరి పక్కన ఉందో దాన్ని బట్టి మొదటిది సరైన మాట అవుతుంది, రెండోది కారణాన్ని ఫలితాన్ని తారుమారు చేసిన మాట అవుతుంది. మాటలు వెతికే కంటికి రెండూ ఒకటే. రెండింటికీ మార్కు పడిపోతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, నిజానికి ఇదే ఎక్కువ జరుగుతుంది. “ప్యారలల్ కనెక్షన్‌లో పొటెన్షియల్ డిఫరెన్స్ సేమ్‌గా ఉంటుంది ఎందుకంటే అవి ప్యారలల్‌గా ఉన్నాయి కాబట్టి.” మాటలు గంభీరంగా ఉన్నాయి, స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయి. కారణం అడిగిన ప్రశ్నకు ఇది కారణం కాదు, చెప్పిందే మళ్ళీ చెప్పడం. అయినా దీనికి నిండా మార్కులు పడటం నేను చాలాసార్లు చూశాను. నేనూ వేశాను. కారణం కావాలంటే, రెండు పరికరాల చివరలూ అవే రెండు తీగలకు కలిసి ఉన్నాయని చెప్పాలి. “రెండూ మెయిన్ వైరుకే డైరెక్టుగా తగిలించి ఉంటాయి” అని ఒక పిల్ల రాసింది. పొటెన్షియల్ అన్న మాటే లేదు, కారణం మాత్రం పూర్తిగా ఉంది. ఈ రెండు పేపర్లూ ఒకే కట్టలో వస్తే ఎవరికి ఎక్కువ పడతాయో టీచర్లకు చెప్పనక్కరలేదు.

అందుకే కొంతకాలంగా నేను చదివే వరుస మార్చుకున్నాను. మొదట బొమ్మ, అంకెలు, ప్రమాణాలు, V, I, R లాంటి గుర్తులు చూస్తాను. ఇవి ఏ భాషవీ కావు కాబట్టి వీటికి రెండు అర్థాలుండవు. తర్వాత తెలుగు క్రియలు, విభక్తులు చదువుతాను. ఇంగ్లీషు నామవాచకాలను చివరికి చూస్తాను. అప్పుడు ఏ మాటైనా రెండర్థాల్లో ఊగుతోంటే, అదే జవాబులో దాన్ని ఒక అర్థానికి కట్టిపడేసేది ఏమైనా ఉందా అని వెతుకుతాను. ఒక ప్రమాణం, ఒక అంకె, బొమ్మ మీద రాసిన ఒక గుర్తు, లేకపోతే ఒక క్రియ. అలాంటిది ఉంటే ఆ అర్థంతో మార్కు వేస్తాను. లేకపోతే ఫిజిక్స్ పరీక్షలో ఫిజిక్స్ అర్థమే తీసుకుంటాను.

అదే జవాబులో అన్నది నాకు ముఖ్యం. మూడో పేజీలో ఇంకో ప్రశ్నకు బాగా రాసింది కదా, ఇక్కడ కూడా తెలిసే ఉంటుందిలే అని వేయడం మొదలుపెడితే చేతిరాత అందంగా ఉందని వేయడానికి దానికీ తేడా ఉండదు.

రెండో పేపరు

ఆ మధ్యాహ్నం నేను మా చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళేలోపే అదే వాక్యంతో ఇంకో పేపరు దొరికింది. ఒకే బడి కట్ట అయి ఉంటుంది, ఒకే టీచరు దగ్గర చదివిన పిల్లలు ఒకేలా రాస్తారు. “ప్యారలల్‌లో అన్నింటికి సేమ్ కరెంట్ వస్తుంది. ఒకటి ఆగినా ఇంకోటి ఆగదు.” కింద లెక్క:

```
R = 110 + 220 = 330
I = 220/330 = 0.67 A
```

తర్వాత “రెండిటికీ 0.67” అని ఉంది. ఇక్కడ కరెంట్ అన్న మాటను ఆంపియర్లకు కట్టేసింది ఆ పిల్లే. నిరోధాలను శ్రేణిలో లాగా కలిపి, వచ్చిన ఒకే ప్రవాహాన్ని రెండిటికీ ఇచ్చింది. వాక్యానికీ లెక్కకూ పొంతన ఉంది, రెండూ తప్పు. ఒకటి ఆగినా ఇంకోటి ఆగదన్న దానికి ఒక మార్కు వేశాను. మొదటి వాక్యానికి సున్నా.

అంటే అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యానికి ఒక పేపర్లో మార్కు, ఇంకో పేపర్లో సున్నా. పక్క సార్‌కి ఇదే నచ్చలేదు.

“మేడం, రేపు రీవెరిఫికేషన్‌కి వస్తే ఏం చెప్తారు? అదే వాక్యం కదా రెండూ?”

ఆయన ప్రశ్న న్యాయమైనదే. మన వ్యవస్థలో నమ్మకం అంతా ఒకే రాతకు ఒకే మార్కు అన్నదాని మీదే నిలబడి ఉంది. ఎవరు దిద్దినా అంతే పడాలి. నేను వాక్యం వెనక మనసును చదవబోతే ఇంకొకరు ఇంకోలా చదువుతారు. కానీ నేను మనసు చదవలేదు. పక్కనున్న 2 A, 1 A చదివాను. వేరే ఎవరు చూసినా అవి అక్కడే ఉంటాయి. జవాబంటే నాలుగు విడి వాక్యాలని నేననుకోను. మొత్తం కలిపి ఒక జవాబు. మార్కులు ముక్కలుగా ఉన్నాయని జవాబును కూడా ముక్కలు చేసి చదవాలని ఎక్కడా లేదు.

“లెక్క బట్టీ పట్టి ఉండొచ్చు” అన్నారాయన. ఉండొచ్చు. V/R వేసి కూడటం ట్యూషన్‌లో వందసార్లు చేయిస్తారు. కానీ రెండో కొమ్మ పక్కన కూడా 220 V అని బొమ్మలో రాయడం ఆ బట్టీలో భాగం కాదు. అయినా బట్టీ అనుమానంతో మార్కు తగ్గించడం మొదలుపెడితే అచ్చమైన ఇంగ్లీషులో పుస్తకం దించేసిన వాళ్ళకు ముందు తగ్గించాలి.

ఆయన తర్వాత అడిగినది మాత్రం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. “మరి వోల్టేజి అన్న మాట వాళ్ళకు తెలియదా మేడం? ఊళ్ళో ఏ రైతునైనా అడగండి, లో వోల్టేజి అంటాడు. మోటారు కాలిపోతే లో వోల్టేజి వల్ల అంటాడు. అది కూడా ఇంటి మాటే. ఆ పిల్లకు కావాలంటే ఆ మాట వాడి ఉండేది.”

ఇది నేను ఆలోచించని విషయం. నిజమే, ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి వోల్టేజి పడిపోతే, అదే భారాన్ని తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగి, చుట్ట వేడెక్కి కాలిపోతుంది. రైతుకు ఆ రెండు భావాల తేడా నష్టం రూపంలో తెలుసు. వోల్టేజి పల్లెకు కొత్త మాట కాదు. కాకపోతే ఊళ్ళో వోల్టేజి అనేది సరిగా లేనప్పుడు గుర్తొచ్చే మాట. లో అయితేనే దాని పేరు ఎత్తుతారు. సరిగ్గా ఉన్నప్పుడు అది కరెంటే. అన్నింటికీ సరిగ్గా అందుతోందని చెప్పాల్సిన చోట పిల్లలకు ఆ మాట తట్టకపోవడం నాకు అర్థమవుతుంది. అయినా ఆయన వాదనను పూర్తిగా తోసేయలేను. నేను చెప్పిన క్రియల తేడా కూడా అంత గట్టిది కాదు. “బల్బులోకి 2 ఆంపియర్ల కరెంట్ వస్తుంది” అని కూడా పిల్లలు రాస్తారు. అందుకే క్రియ ఒక్కటే ఆధారమైతే నేను మార్కు వేయను. అంకె గానీ, ప్రమాణం గానీ, బొమ్మ గానీ తోడుండాలి.

మరి అచ్చమైన ఇంగ్లీషులో రాసిన పిల్ల అదే పొరపాటు చేస్తే? ప్యారలల్‌లో అన్నింటి గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుందని పూర్తి ఇంగ్లీషు వాక్యం రాసి, కింద 2 A, 1 A, 3 A అని సరైన లెక్క చేస్తే? మొదట నా చెయ్యి కొట్టేయడానికే పోయేది, అది ఇంగ్లీషు వాక్యం కదా, ఇంటి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అని. తర్వాత ఆలోచిస్తే ఆ పిల్ల కూడా తెలుగింటి నుంచే వచ్చింది. ప్రవహిస్తుంది అన్న క్రియ వల్ల ఆ వాక్యం ఆంపియర్ల వైపు గట్టిగానే మొగ్గుతుంది, కాబట్టి అక్కడ నేను వేయను. అదే వాక్యాన్ని తెలుగు కలిపి “సేమ్ కరెంట్ ప్రవహిస్తుంది” అని రాసినా వేయను. అందుతుంది, వస్తుంది అన్న అర్థంలో ఇంగ్లీషులో రాసి ఉంటే వేస్తాను. భాష కలపడం వల్ల మార్కు పోకూడదంటే, కలపడం వల్ల మార్కు రాకూడదు కూడా. ఈ రెండో సగం నాకు ఆలస్యంగా అర్థమైంది. కొన్నేళ్ళు నేను కలిపి రాసిన పిల్లల మీద జాలితో కాస్త ఎక్కువ వేసిన మాట నిజం. అది అవతల పూర్తి తెలుగులో కష్టపడి శ్రేణి సంధానం, పొటెన్షియల్ భేదం అని రాసిన పిల్లలకు చేసిన అన్యాయం.

పదమే పరీక్ష అయినప్పుడు

ఇదంతా వివరించమన్న ప్రశ్నకు, లెక్కకు. నిర్వచించమన్న చోట ఈ వెసులుబాటు లేదు. విద్యుత్ ప్రవాహం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు “ప్లగ్గులో వచ్చేది” అంటే సున్నా తప్ప ఏమీ వేయలేం, అక్కడ అడిగిందే ఆ మాట అర్థం కాబట్టి. ఏకాంక సమయంలో దాటే ఆవేశం అని ఏ భాషలో ఎలా కలిపి చెప్పినా సరే. “ఒక సెకండ్‌లో ఎంత చార్జ్ పాస్ అవుతుందో అది” అంటే నాకు నిండు మార్కు.

రెండర్థాల బెడద ఇంగ్లీషు మాటలతోనే అని కూడా అనుకోవద్దు. ఫిజిక్స్ పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. దిశతో కలిస్తేనే వేగం. పక్క పీరియడ్‌లో లెక్కల పుస్తకం తీస్తే రైలు వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లు అంటుంది, దిశ ఊసే ఉండదు. రోడ్డు మీద బోర్డు కూడా వేగం తగ్గించమనే అంటుంది. “స్పీడ్ 20, వేగం 20 తూర్పుకి” అని ఒక పిల్ల రాస్తే, ఇంగ్లీషు మాట కలపడం వల్ల ఆ జవాబు మరింత స్పష్టమైంది. వడి అన్న మాట గుర్తు రాక స్పీడ్ అని రాసి ఉండొచ్చు, కానీ తేడా మాత్రం చక్కగా చూపించింది.

స్పెల్లింగ్ విషయంలో నాకు సందేహం లేదు. రెసిస్టెన్స్‌ను రిజిస్టెన్స్ అని పలికేలా రాసినా, సిరీస్‌లో అక్షరాలు అటూ ఇటూ అయినా సైన్స్ పేపర్లో దానికి కోత లేదు, వేరే సాంకేతిక పదంతో కలగాపులగం అయ్యే ప్రమాదం ఉంటే తప్ప.

ఇలా కలిపి రాయడాన్ని మార్కులతో ఒప్పుకుంటే తెలుగు సాంకేతిక పదాలు చచ్చిపోతాయని బాధపడే పెద్దలున్నారు. వాళ్ళ బాధ నాదీ. కటకం, దర్పణం, నాభ్యంతరం అన్న మాటలంటే నాకు ఇష్టం, క్లాసులో పట్టుబట్టి వాడతాను. కానీ ఆ పని జూన్ నుంచి మార్చి వరకు క్లాసులో చేయాల్సింది. ఏప్రిల్‌లో ఎవరో తెలియని పిల్ల పేపర్లో ఒక మార్కు కోసి చేసేది కాదు. ఆ కోత వల్ల ఆ పిల్ల ఏ మాటా నేర్చుకోదు, ఎందుకు కోశామో కూడా తనకు తెలియదు. 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు రాస్తూ, కోర్సు ఇంగ్లీషు మీడియంలో ఉన్నా విద్యార్థులను స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వమని కోరింది. డిగ్రీ స్థాయిలోనే ఆ తలుపు తెరవమంటుంటే, పదహారేళ్ళ పిల్లలు రెండు గుమ్మాల్లో చెరో కాలు పెట్టారని మనం కోపగించుకోవడం నాకు సబబుగా తోచదు.

మూడో పేపరు

మొదటి పేపరు పట్టుకుని చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వాక్యం చదివి తల అడ్డంగా ఊపారు. లెక్క, బొమ్మ చూపించాను. కాసేపు చూశారు.

“ఇదే వాక్యం లెక్క లేకుండా వస్తే వేస్తారా అమ్మా?”

“వేయను సార్.”

“అయితే ఆధారం ఉన్న చోట వేయండి. టేబుల్ అంతా ఒకేలా వేయాలి. ఈ పూట అయిపోయినవి కూడా మళ్ళీ చూడండి.”

ఆ పూట కట్టలు ఇంకా మా టేబుల్ మీదే ఉన్నాయి. అందరం ఆ ఒక్క ప్రశ్న వరకు వెనక్కి తిప్పాం. పక్క సార్ సణిగారు గానీ తిప్పారు. ఆయన కట్టలోనే ఒకటి దొరికింది, వాక్యం కొట్టేసి ఉంది, కింద విడివిడిగా 2 A, 1 A. ఆయనే మార్కు మార్చి సంతకం పెట్టి, చీఫ్ చేత పెట్టించి తెచ్చారు.

నా కట్టలో ఒకటి దొరికింది. “అన్నింటికి సేమ్ కరెంట్ వస్తుంది, ఒకటి పోయినా ఇంకోటి వెలుగుతుంది.” వస్తుంది అనే ఉంది. క్రియను బట్టి చూస్తే సరఫరా గురించే చెబుతున్నట్టుంది. కింద రెండో భాగానికి “సొల్యూషన్” అని రాసి, గీత గీసి, తర్వాత ఏమీ లేదు. టైం అయిపోయిందో, లెక్క రాలేదో. బొమ్మ కూడా లేదు. పేజీ తిప్పి చూశాను, వెనక కూడా ఏమైనా రాసిందేమోనని. ఖాళీ. ఇందాక ఒక మార్కు వేసి ఉన్నాను. అలాగే ఉంచాను.